గోడ బీట మీద గాజు ముక్క, పక్కన చీపురుపుల్ల

ప్రశ్న: అయ్యా, ఐదంతస్తుల అపార్టుమెంటులో పదకొండేళ్లుగా రాత్రి కాపలా కాస్తున్నాను. ఈ ఉత్తరం మా అమ్మాయి చేత రాయిస్తున్నాను. కింద పార్కింగు మూలన మాకిచ్చిన గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి బీట పడింది. దసరాకు అందులో గడ్డం గీసుకునే బ్లేడు దూరేది. సంక్రాంతికి ఏటీఎం కార్డు దూరింది. ఆ గోడ అవతలి స్థలంలో దీపావళి నుంచి సెల్లారు కోసం గొయ్యి తవ్వుతున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి రెండుసార్లు చెప్పాను. "పైపూత పగులే" అని పుట్టీ పెట్టించి రంగు వేయించారు. పదిహేను రోజులకు ఆ రంగు మీదే సన్నని గీత తేలింది. మళ్లీ చెబితే, "ఫ్లాటు అమ్ముకునేవాళ్లున్నారు, నోరు జారకు" అన్నారు. బీట మీద గాజు ముక్క అంటిస్తే గోడ కదిలినప్పుడు పగులుతుందని ఒక తాపీ మేస్త్రీ చెప్పాడు. అంటించమంటారా? పగిలితే ఎవరికి చెప్పాలి? ఉద్యోగం పోతే మాకు తలదాచుకునే గది కూడా పోతుంది.
– ఒక వాచ్‌మన్, గుంటూరు

జవాబు: మీరు బ్లేడు, కార్డు పెట్టి చూశారు చూడండి, దాంతో సగం పని అయిపోయింది. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. ఏటీఎం కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. ఇంజినీర్లు కూడా ఇంచుమించు ఇలాంటి రేకులనే బీటలో దూర్చి చూస్తారు. ఒక్క జాగ్రత్త: దూర్చిన చోటే మళ్లీ మళ్లీ దూరిస్తే అంచులు రాలి, బీట పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకో మాట. ఆ పుట్టీ పెట్టించి ప్రెసిడెంటు గారు తనకు తెలియకుండానే ఒక పరీక్ష పెట్టారు. పూడ్చిన బీట పదిహేను రోజుల్లో మళ్లీ తేలిందంటే గోడ కదులుతూ ఉండవచ్చు. పుట్టీ ఆరుతూ కుంచించుకుపోయి తనంతట తాను చిట్లి ఉండవచ్చు కూడా. ఈ రెండింటిలో ఏది నిజమో పుట్టీ చెప్పలేదు. మీ మేస్త్రీ చెప్పిన గాజు ముక్క కొంతవరకు చెబుతుంది. దాన్ని మా వృత్తిలో టెల్‌టేల్ అంటారు. చాడీలు చెప్పేది అని ఆ మాటకు అర్థం. పేరుకు తగ్గట్టే ఉంటుంది దాని గుణం: జరిగిందని చెబుతుంది, ఎంత జరిగిందో సరిగ్గా చెప్పదు, అప్పుడప్పుడు అబద్ధమూ ఆడుతుంది. అది నాకు నేర్పినవాడు కూడా ఒక రాత్రి కాపలాదారే. ఆ కథ చెప్పాకే మీ సంగతికి వస్తాను, ఎందుకంటే మీరు చేయవలసిన పని అంతా అందులోనే ఉంది.

1990లలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. నల్లరేగడి నేలలో కట్టిన ఒక పాత పొగాకు గోడౌను. స్తంభాలు లేవు, బరువంతా ఇటుక గోడల మీదే. ఆగ్నేయ మూల దగ్గర బీట పడిందని యజమాని పిలిపించాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టులో సన్నని గాజు ముక్కలు మూడు కోయించుకుని వెళ్లాను. నిచ్చెన వేసి గోడ పైభాగాన ఒకటి, కంటి ఎత్తున ఒకటి, మోకాలి ఎత్తున ఒకటి సిమెంటుతో బీటకు అడ్డంగా అంటించాను. అక్కడ కాపలా ఉన్న పెద్దాయనతో, "తాతా, ఇవి పగిలితే కబురు పెట్టు" అని చెప్పి వచ్చేశాను.

ఆరో రోజు తెల్లవారేసరికి కబురు వచ్చింది. కంటి ఎత్తున పెట్టిన గాజు రెండుగా పగిలింది. పైనది, కిందది చెక్కుచెదరలేదు. నిజంగా గోడ కదిలితే పైది కూడా పగలాలి కదా అని నా లెక్క. బస్తాలు మోసేవాళ్లలో ఎవరి భుజమో తగిలి ఉంటుందన్నాను. తాత వాదించలేదు. టార్చి గాజు మీద ఏటవాలుగా వేసి చూపించాడు. దెబ్బ తగిలిన గాజు తగిలిన చోట పిండి అయి, అక్కడి నుంచి నాలుగు వైపులకు చీలుతుంది. ఇది అలా లేదు. కింద బీట ఎలా పోయిందో సరిగ్గా దాని మీదుగా ఒకే గీతలా విరిగింది. రెండు ముక్కలూ సిమెంటులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

తరువాత ఆయన నిచ్చెన ఎక్కి, టార్చి మడమతో పై గాజు పక్కన గోడను తట్టాడు. డొల్ల మోత వినిపించింది. అక్కడ సున్నపు పూత ఇటుకను ఎప్పుడో వదిలేసింది. నేను గాజును గోడకు అంటించలేదు, ఊడిపోయిన పూతకు అంటించాను. వెనక ఇటుకలు ఎటు పోయినా పూత మాత్రం గాజుతో కలిసి హాయిగా వేలాడుతోంది. నేను నమ్మిన సాక్షికి అసలు జరిగిందే తెలియదు.

అప్పుడు చూపించాడు తన సొంత ఏర్పాటు. బీటకు అటొకటి ఇటొకటి, జానెడు దూరంలో రెండు మేకులు ఇటుకలోకి దిగగొట్టాడు. వాటి మధ్య బిగుతుగా పట్టేటట్టు ఒక చీపురుపుల్లను కత్తిరించి పెట్టాడు. మొదటి రోజు పుల్లను వేలితో నెట్టి కూర్చోబెట్టవలసి వచ్చిందట. నాలుగు రోజులకు అది జారిపడింది. పుల్ల చివర పాత నోటు పుస్తకపు కాగితం మడతలు పెట్టి బిగించడం మొదలుపెట్టాడు. పది మడతలు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఆయనకు ఆ లెక్క అక్కర్లేదు. గేటు పుస్తకంలో లారీల నంబర్ల పక్కన "రెండు కాగితాలు", "నాలుగు కాగితాలు" అని రాసుకుంటూ పోయాడు. మే మొదటి వారంలో రెండు, జూన్ మొదటి వారానికి తొమ్మిది.

ఆ పుస్తకంలో మరొకటి ఉంది. అది చూశాకే నేను ఆయన పక్కన కూర్చుని టీ తాగాను. ప్రతి రాత్రి రెండుసార్లు కొలిచాడు, 10 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున 5 గంటలకు ఒకసారి. 5 గంటలకు ఎప్పుడూ ఒక కాగితం ఎక్కువ. పగలు ఎండకు ఇటుక వ్యాకోచించి బీటను కొంచెం మూస్తుంది, రాత్రి చల్లబడి ముడుచుకుని తెరుస్తుంది. బీట ఉన్న ప్రతి గోడా రోజూ ఇలా ఊపిరి తీస్తుంది. గాజుకు ఆ ఊపిరి చాలు. గాజు సాగదు కదా. జిగురుకూ జిగురుకూ మధ్య అంగుళం గాజు ఖాళీగా ఉందనుకోండి, అది తెగడానికి వెంట్రుక మందంలో మూడో వంతు సాగినా సరిపోతుంది. అందుకే గాజు పగిలింది అన్న ఒక్క ముక్కతో గోడ కూలుతోంది అనకూడదు. తాత లెక్కలో అటూ ఇటూ ఊగే ఒక కాగితం ఊపిరి. వెనక్కి రాకుండా పోగవుతున్న ఎనిమిది కాగితాలు అసలు కదలిక.

బీట పైన వెడల్పు, కింద సన్నం. అంటే మూల కిందికి దిగుతూ బయటికి ఒరుగుతోంది. తవ్వి చూస్తే పునాది రెండు అడుగుల లోతే ఉంది. పన్నెండు అడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు. ఎండాకాలంలో రేగడి ఎండి ముడుచుకుంటే, చెట్టు మిగతా తడి కూడా తాగేస్తే, మూల కింద నేల జారుకుంది. వానలు పడ్డాక జూలైలో కాగితాలు తొమ్మిది నుంచి ఐదుకు తగ్గాయి. నేల ఉబ్బి గోడను కొంత ఎత్తింది, మొత్తం ఎత్తలేదు. ఆ తగ్గడం చూసే, కారణం రుతువుతో ముడిపడిందని నిర్ధారించుకున్నాం. మూల దగ్గర ఉన్న బస్తాలు తీయించి, పునాది కింద గజం గజం చొప్పున తవ్వుతూ, తడి మారని లోతు దాకా కాంక్రీటు దించాం. ఒకేసారి మొత్తం తవ్వితే ఆ మూల మా మీదే కూర్చునేది.

ఇప్పుడు మీ గది. మీ గోడకూ ఆ గోడకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ నేల ఎండాకాలంలో పోయి వానాకాలంలో తిరిగి వచ్చింది. మీ పక్కన గొయ్యిలోకి జారిన మట్టి ఏ వానకూ తిరిగి రాదు. మీ కాగితాలు తగ్గవు, పెరగడమో ఆగడమో మాత్రమే జరుగుతుంది. అందుకే తాత రెండు నెలలు చూశాడు కదా అని మీరు రెండు నెలలు చూస్తూ కూర్చోకండి.

మరొక తేడా, మీది స్తంభాల భవనం. మీ గది గోడ బహుశా రెండు స్తంభాల మధ్య పేర్చిన అడ్డుగోడ, పై అంతస్తుల బరువు దాని మీద ఉండకపోవచ్చు. అలాంటి గోడ కదలకుండా నిలబడినంత మాత్రాన భవనం క్షేమమని కాదు, అది బీటలు వారినంత మాత్రాన భవనం పడిపోతుందనీ కాదు. రాత్రి టార్చి పట్టుకుని, గొయ్యి వైపున్న స్తంభాలనూ వాటి మీది దూలాలనూ చూడండి. కాంతి నేరుగా కాకుండా పక్క నుంచి గీసినట్టు పడితే వెంట్రుక బీట కూడా నీడతో కనిపిస్తుంది. పార్కింగు నేలలో గొయ్యికి సమాంతరంగా కొత్త గీత ఉందా, గొయ్యి వైపు తలుపులు, షట్టర్లు ఈ మధ్యే పట్టేస్తున్నాయా అని కూడా చూడండి. స్తంభంలో బీట కనిపించినా, కాంక్రీటు పెచ్చులూడినా, ఒకే రాత్రిలో బీట కంటికి తెలిసేలా పెరిగినా గాజు సంగతి మరిచిపోండి. మీవాళ్లను బయటికి తీసుకువచ్చి, అన్ని ఫ్లాట్ల బెల్లులూ కొట్టి, 112కు ఫోను చేయండి. ఢాకా దగ్గర సావర్‌లో 2013 ఏప్రిల్ 23న రానా ప్లాజా అనే భవనంలో బీటలు బయటపడ్డాయి. కింద ఉన్న బ్యాంకు తన సిబ్బందిని పంపించేసింది. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మర్నాడు ఉదయం లోపలికి రప్పించారు. ఆ ఉదయమే కూలింది. 1,134 మంది పోయారు.

అలాంటి గుర్తులేవీ లేకపోతే, గాజు అంటించండి. రక్తపరీక్షలు చేసే ల్యాబులో వాడే సన్నని గాజు పలకలు దొరుకుతాయి, మూడు అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు. అవే మంచివి. మందపాటి కిటికీ గాజు పగలడానికి ముందే జిగురును లాక్కుని ఊడి వస్తుంది. బీటకు రెండు వైపులా అరచేతి మేర పుట్టీ, పూత గోకి ఇటుక తేల్చండి. దుమ్ము దులపండి. పలక రెండు చివరలూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గానీ, రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీతో గానీ అంటించండి. చెక్కలకు వాడే తెల్ల జిగురు, సిలికాన్ వద్దు. అవి రబ్బరులా సాగి గాజును కాపాడతాయి, మనకు కావలసింది అది కాదు. నడుమ, బీట మీద, అంగుళం మేర జిగురు తగలకుండా ఖాళీగా ఉంచండి. గాజు మీద తేదీ రాయండి. కింద ఒకటి, పైన ఒకటి పెడితే ఎటు వైపు ఎక్కువ తెరుచుకుంటోందో తెలుస్తుంది. బీట మూసుకునే వైపు కదిలితే గాజు పగలకపోవచ్చని గుర్తుంచుకోండి.

గాజు పక్కనే చీపురుపుల్ల పెట్టండి, నా మాట నమ్మండి. మేకులకు బదులు స్క్రూలు బిగించి, వర్నియర్ కాలిపర్స్‌తో కొలిచేవాళ్లు దొరికితే మరీ మంచిది. లేకపోతే పుల్ల, కాగితాలే చాలు. బీటకు అడ్డంగా పెన్సిలుతో ఒక తిన్నని గీత కూడా గీయండి. పుల్ల వెడల్పు మాత్రమే చెబుతుంది. ఒక వైపు గోడ కిందికి జారితే గీత మెట్టులా విరిగి కనిపిస్తుంది. రోజూ తెల్లవారుజామున 5 గంటలకే చూసి రాసుకోండి. ఒకనాడు మధ్యాహ్నం, ఒకనాడు తెల్లవారుజామున కొలిస్తే ఊపిరీ కదలికా కలగలిసిపోతాయి.

ఎంత పెరిగితే ఎంత అనుకోవాలి? బ్రిటన్‌లో ఇళ్ల బీటలకు వాడే పట్టికలో మిల్లీమీటరు లోపువి రంగు వేసేటప్పుడు పూడ్చుకునే రకం, ఐదు మిల్లీమీటర్ల దాకా కూడా చిన్నవే. ఆ లెక్కన మీ ప్రెసిడెంటు గారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ పట్టిక వెడల్పు గురించి చెబుతుంది, వేగం గురించి కాదు. పక్కన గొయ్యి తెరిచి ఉన్నప్పుడు నేను వేగమే చూస్తాను. నెలకు ఒక కాగితం దాటకపోతే గమనిస్తూ ఉండవచ్చు. వారంలో రెండు మూడు కాగితాలు పెరిగి వెనక్కి రాకపోతే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించే దాకా ఊరుకోకూడదు. గొయ్యిలో పని జరిగిన రోజుల్లోనే పెరిగి, ఆపిన రోజుల్లో ఆగితే కారణం అక్కడే ఉంది. తవ్వకం యంత్రం ఏయే రోజుల్లో వచ్చిందో కాగితాల లెక్క పక్కనే రాయండి.

ఇక ఎవరికి చెప్పాలన్నది. మీరు మళ్లీ ప్రెసిడెంటు గారి దగ్గరికే నోటి మాటతో వెళితే మూడోసారీ అదే జవాబు వస్తుంది, మీ పేరు మీద ఒక మచ్చ కూడా పడుతుంది. పది రోజుల లెక్కతో, గాజు ఫొటోలతో వెళితే మాట మారవచ్చు. కోపం వచ్చి గాజు పీకించనూ వచ్చు. అందుకే అంటించిన రోజే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి మీ అమ్మాయి ఫోనులో ఉంచండి.

రెండో దారి, ఫ్లాటు యజమానుల్లో ఒకరిని కలవడం. గొయ్యి వైపు మొదటి అంతస్తులో ఉండేవారైతే మేలు, వారి గోడల్లోనూ ఏదో ఒకటి కనిపించే ఉంటుంది. యజమాని సంతకంతో కమిటీకి ఉత్తరం వెళితే దాన్ని తీసి పక్కన పెట్టడం కష్టం. మీ పేరు అందులో ఉండక్కర్లేదు, మీ లెక్క ఉంటే చాలు. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, వారు మాట దాచుకుంటారో లేదో మీరే అంచనా వేసుకోవాలి. పదకొండేళ్లుగా ఆ గేటు దగ్గర ఉన్నారు, ఎవరు ఎలాంటివారో మీకు తెలిసినంత నాకు తెలియదు.

మూడోది, వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం తీసుకోవడం. పొరుగు భవనానికి ఆసరా లేకుండా సెల్లారు తవ్వుతుంటే ఆపించవలసింది పురపాలక శాఖే. గొయ్యిని కదిలించే శక్తి ఉన్న దారి ఇదొక్కటే. మీ ఉద్యోగానికి ఎక్కువ ముప్పున్న దారీ ఇదే. అర్జీ యజమాని పేరున వెళితే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. నేనైతే రెండో దారిన బయలుదేరి మూడోదానికి చేరతాను. కాగితాలు వారానికి మూడు దాటితే మాత్రం వరస చూడను, నేరుగా సచివాలయానికే వెళతాను.

ఈలోపు మీ మంచం ఆ గోడ పక్క నుంచి తీయండి. మీవాళ్లను గొయ్యికి దూరంగా ఉన్న వైపు పడుకోబెట్టండి. కారణం చెప్పక్కర్లేదు, దోమలని చెప్పండి.

మళ్లీ రాసేటప్పుడు గాజు పగిలిందా లేదా అన్నదానితో పాటు మూడు సంగతులు రాయండి: తెల్లవారుజామున 5 గంటల కాగితాల లెక్క, పెన్సిలు గీత తిన్నగానే ఉందా అన్నది, గొయ్యి ఇప్పుడు ఎన్ని అడుగుల లోతు ఉందన్నది.